ఒకే రిక్వెస్టు P0కు ఇవ్వవచ్చు, P2కు ఇవ్వకూడదు: బ్యాంకర్స్ అల్గారిథమ్ లెక్కలో నా తప్పు ఎక్కడ?

చీపురుపల్లి అమ్మాయి · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో రెండో సంవత్సరం సీఎస్ఈ చదువుతున్నాను. పోయిన వారం జరిగిన ఆపరేటింగ్ సిస్టమ్స్ మిడ్ పరీక్షలో బ్యాంకర్స్ అల్గారిథమ్ మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. నాకు అందులో ఐదు మార్కులే వచ్చాయి. జవాబు పత్రం చేతికి ఇచ్చినప్పుడు చూస్తే, చివరి భాగం పక్కన ఎర్ర సిరాతో "ఆ తరువాత?" అని మాత్రమే రాసి ఉంది. ఆ మాటకు అర్థం తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

ప్రశ్నలో ఇచ్చిన పట్టిక ఇది. అలొకేషన్ అంటే ఒక్కో ప్రాసెస్ దగ్గర ఇప్పటికే ఉన్నవి, మాక్స్ అంటే అది ముందే ప్రకటించిన గరిష్ఠ అవసరం. మొత్తం రిసోర్సులు A 7, B 4, C 6.

```
        Allocation     Max
        A  B  C      A  B  C
P0      1  0  2      4  2  3
P1      1  1  0      2  2  1
P2      2  1  1      6  3  4
P3      1  1  1      2  4  3
```

మొదట ఈ స్థితి సేఫా కాదా, అంటే అందరూ గరిష్ఠంగా అడిగినా ఏదో ఒక వరుసలో అన్ని ప్రాసెస్‌లూ ముగియగలవా అన్నది తేల్చాలి. తరువాత, (i) P0 ప్రాసెస్ (1, 0, 0) అడిగితే ఇవ్వవచ్చా, (ii) P2 ప్రాసెస్ (1, 0, 0) అడిగితే ఇవ్వవచ్చా అని అడిగారు.

అలొకేషన్ నిలువు వరుసలను కూడితే (5, 3, 4) వచ్చింది, మొత్తం నుంచి దాన్ని తీసివేస్తే అవైలబుల్ (2, 1, 2) అయింది. మాక్స్ లోంచి అలొకేషన్ తీసివేసి నీడ్ పట్టిక కూడా వేశాను. సేఫ్ సీక్వెన్స్ P1, P0, P2, P3 అని రాశాను, దానికి మార్కులు పడ్డాయి. రెండు రిక్వెస్టుల విషయంలోనూ, అడిగినది నీడ్‌కు లోబడే ఉంది, చేతిలో రెండు A లు ఉన్నాయి, ఒకటి ఇచ్చినా P1 పూర్తి కావడానికి సరిపోను మిగులుతున్నాయి, కాబట్టి రెండింటినీ ఇవ్వవచ్చు అని రాశాను. P0 విషయంలో జవాబు సరైనదేనట, P2 విషయంలో తప్పట. ఇద్దరూ అడిగింది ఒక్క A మాత్రమే అయినప్పుడు, ఇచ్చాక చేతిలో మిగిలేది కూడా ఇద్దరి విషయంలో ఒకటే అయినప్పుడు, ఒకరికి సరే, మరొకరికి కాదు అనడం నాకు అంతుపట్టడం లేదు.

రాజాం తమ్ముడు · సోమవారం రాత్రి 9:42

అక్కా, మీ జవాబే సరైనదని నాకు అనిపిస్తోంది, దిద్దినవారే పొరబడి ఉంటారు. P2కు ఒక A ఇచ్చేశాక అవైలబుల్ (1, 1, 2) అవుతుంది. P1 నీడ్ (1, 1, 1) కాబట్టి P1 పూర్తవుతుంది. పూర్తయిన ప్రాసెస్ తన దగ్గరున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది, పూర్తయ్యేనాటికి దాని దగ్గర ఉండేది మాక్స్ అంతా, అంటే (2, 2, 1). దాన్ని కలిపితే (3, 3, 3) వస్తుంది. P0కు కావలసింది (3, 2, 1), సరిపోయింది. P0 కూడా తన మాక్స్ (4, 2, 3) తిరిగి ఇస్తే (7, 5, 6) అవుతుంది. ఆ పైన P2, P3 లకు అడ్డేమీ లేదు. కనుక P2 రిక్వెస్టు కూడా సేఫే. మీరు పత్రం పట్టుకుని వెళ్ళి మళ్ళీ దిద్దమని అడగండి.

కోట దగ్గర మాస్టారు · సోమవారం రాత్రి 10:25

తమ్ముడూ, మీరు రాసిన (7, 5, 6) ను ఒకసారి ప్రశ్నతో పోల్చి చూడండి. ఆ వ్యవస్థలో ఉన్న B లు మొత్తం నాలుగే. మీ లెక్కలో మాత్రం రెండు ప్రాసెస్‌లు ముగిసేసరికి చేతిలో ఐదు B లు వచ్చాయి, పైగా P2, P3 ల దగ్గర చెరొక B ఇంకా ఉండనే ఉంది. లేని B ఎక్కడి నుంచో పుట్టుకొచ్చిందంటే కూడికలో ఏదో రెండుసార్లు పడిందన్న మాట. వర్క్, అంటే ఆయా దశలో చేతిలో ఉన్న రిసోర్సుల విలువ, ఎప్పుడూ మొత్తాన్ని దాటకూడదు, చివరి ప్రాసెస్ కూడా ముగిశాక సరిగ్గా మొత్తానికి సమానం కావాలి. ఈ రెండింటినీ చూసుకుంటే ఇటువంటి పొరపాటు పరీక్ష హాలులోనే బయటపడుతుంది.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అమ్మా, మీరు వేసిన నీడ్ పట్టిక ఇలా ఉండి ఉండాలి.

```
Need    A  B  C
P0      3  2  1
P1      1  1  1
P2      4  2  3
P3      1  3  2
```

తొలి స్థితిలో చేతిలో ఉన్నది (2, 1, 2). దానితో P1 ఒక్కటే ముగియగలదు. అది ముగిశాక తన అలొకేషన్ (1, 1, 0) వచ్చి కలుస్తుంది, వర్క్ (3, 2, 2) అవుతుంది. ఇప్పుడు P0కు కావలసిన (3, 2, 1) అచ్చంగా సరిపోతుంది. ఈ చోటు గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే P0కు మూడు A లు కావాలి, ఉన్నవి సరిగ్గా మూడే, ఒక్కటీ మిగులు లేదు. P0 ముగిశాక (4, 2, 4), P2 ముగిశాక (6, 3, 5), P3 ముగిశాక (7, 4, 6) వస్తాయి. మొత్తానికి సమానమైంది కాబట్టి కూడికలు సరైనవే. ఈ పట్టికలో ప్రతి దశలోనూ ముగియగలిగినది ఒక్క ప్రాసెస్సే, కనుక ఇక్కడ సేఫ్ సీక్వెన్స్ ఒక్కటే ఉంటుంది. వేరే పట్టికల్లో అనేకం ఉండవచ్చు.

ఇక (i) చూడండి. P0కు ఒక A ఇచ్చినట్లు భావించి మూడు చోట్ల అంకెలు మార్చాలి. అవైలబుల్ (1, 1, 2), P0 అలొకేషన్ (2, 0, 2), P0 నీడ్ (2, 2, 1). P1 ముగిస్తే వర్క్ (2, 2, 2) అవుతుంది. ఇంతకు ముందు మూడు A లు ఉన్న చోట ఇప్పుడు రెండే ఉన్నాయి. అయితే P0కు కావలసినవి కూడా మూడు నుంచి రెండుకు తగ్గాయి, ఎందుకంటే ఒకటి దాని చేతికే వెళ్ళింది. కనుక P0 ముగుస్తుంది, వర్క్ మళ్ళీ (4, 2, 4) అవుతుంది, మిగతాది పాత దారిలోనే సాగుతుంది.

(ii) లో అదే A ను P2కు ఇచ్చినట్లు భావించండి. అవైలబుల్ (1, 1, 2), P2 అలొకేషన్ (3, 1, 1), P2 నీడ్ (3, 2, 3). P1 ముగుస్తుంది, వర్క్ (2, 2, 2). మీరు ఆగిపోయినది ఇక్కడే. ఆ ఎర్ర సిరా మాట అడుగుతున్నదీ దీన్నే. P1 ముగిశాక ఎవరు ముగుస్తారు? P0కు ఇంకా మూడు A లు కావాలి, ఉన్నవి రెండు. P2కు కూడా మూడు A లు కావాలి, C లో సైతం ఒకటి తక్కువ. P3కు మూడు B లు కావాలి, ఉన్నవి రెండు. ముగ్గురిలో ఎవరూ ముందుకు పోలేరు, కనుక ఆ స్థితి అన్‌సేఫ్. P1 తరువాత ముగియవలసిన P0కు అత్యవసరమైన మూడో A ను మీరు చాలా ఆలస్యంగా ముగిసే P2 చేతిలో పెట్టారు.

ఒక మాట జాగ్రత్తగా రాయండి. P2 రిక్వెస్టును తిరస్కరించాం అని కాదు, P2 వేచి ఉంటుంది అని రాయాలి. భావించి మార్చిన మూడు విలువలను పాత విలువలకు తిప్పేస్తారు. అడిగినది తన నీడ్‌ను మించిపోయినప్పుడు మాత్రమే అది ప్రాసెస్ చేసిన తప్పుగా లెక్కకు వస్తుంది.

రాజాం తమ్ముడు · సోమవారం రాత్రి 10:51

B ఐదు కావడం నేను గమనించనే లేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. అయితే నా సందేహం ఇంకా తీరలేదు. P1 నిజంగా తన గరిష్ఠ అవసరం అంతా తీసుకుని పనిచేసి ముగిసినట్లయితే, అది వదిలిపెట్టేది మాక్స్ అంతా అవుతుంది గానీ, ఇప్పుడు దాని దగ్గరున్న (1, 1, 0) మాత్రమే ఎలా అవుతుంది?

బొబ్బిలి వీణ · సోమవారం రాత్రి 11:03

మీరు తిరిగి ఇచ్చిన దాన్ని కలిపారు, ముందు ఇచ్చిన దాన్ని తీసివేయలేదు. P1కు తన నీడ్ (1, 1, 1) ను మనమే ఇవ్వాలి కదా. (1, 1, 2) లోంచి అది పోతే చేతిలో (0, 0, 1) మిగులుతుంది. అప్పుడు P1 ముగిసి మాక్స్ (2, 2, 1) తిరిగి ఇస్తే (2, 2, 2) వస్తుంది. నేరుగా అలొకేషన్ కలిపినా (1, 1, 2) కు (1, 1, 0) చేరి అదే (2, 2, 2) వస్తుంది. నీడ్ ఇచ్చి మాక్స్ తీసుకోవడం, అలొకేషన్ ఒక్కదాన్ని కలపడం రెండూ ఒకటే. మొదట్లో నేను కొన్నాళ్ళు పొడుగు దారిలోనే చేసేదాన్ని, లోపల జరిగేది కళ్ళకు కట్టినట్లు ఉంటుంది. పరీక్షలో మాత్రం సమయం చాలదు.

ఆమదాలవలస సెంట్రింగ్ · మంగళవారం ఉదయం 6:35

నేను ఇరవై ఏళ్ళ క్రితం శ్రీకాకుళంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, తరువాత మా నాన్నగారి సెంట్రింగ్ సామాను అద్దె వ్యాపారంలోకి వచ్చాను. బ్యాంకు అప్పుల లెక్క అనుకుని ఈ చర్చ తెరిచాను. చదువుతూ ఉంటే నా కొట్టులో జరిగిందే కనిపించింది.

మా దగ్గర స్లాబుకు వేసే రేకులు రెండు వందలు ఉండేవి. ఒక మేస్త్రి తన స్లాబుకు నూట ముప్ఫై కావాలని చెప్పి, మొదటి విడతగా తొంభై పట్టుకెళ్ళాడు. కొట్టులో నూట పది మిగిలాయి. మర్నాడు ఇంకో మేస్త్రి వచ్చి, తనకు మొత్తం నూట నలభై కావాలనీ, ప్రస్తుతం నూట పది చాలనీ అన్నాడు. ఉన్నవి ఊరికే పడి ఉండడం ఎందుకని మొత్తం ఎత్తించేశాను. వారం తిరిగేసరికి మొదటాయనకు నలభై, రెండో ఆయనకు ముప్ఫై తక్కువ. స్లాబు పూర్తిగా పరిస్తే తప్ప కాంక్రీటు పోయరు, పోసి ఆరితే తప్ప రేకులు విప్పరు. రెండు ఇళ్ళూ సగం రేకులతో ఆకాశం చూస్తూ నిలబడిపోయాయి, నా ఫోను మోగని పూట లేదు. చివరకు పాలకొండ నుంచి ఎక్కువ అద్దెకు రేకులు తెప్పించి గట్టెక్కాను.

నా ప్రశ్న ఏమిటంటే, మీ లెక్క ప్రకారం ఎక్కువ అడిగే మేస్త్రిని ముందే కాదనాలి అన్న మాటేనా? P2కు నాలుగు A లు కావాలి కాబట్టి ఇవ్వలేదు, P0కు మూడే కాబట్టి ఇచ్చారు అని నాకు అర్థమైంది.

కోట దగ్గర మాస్టారు · మంగళవారం ఉదయం 7:20

అయ్యా, మీరు పొరపాటున తెరిచిన చర్చ కాదు ఇది. డైక్‌స్ట్రా 1965 ప్రాంతంలో ఈ పద్ధతిని చెప్పినప్పుడు, పరిమితమైన సొమ్ముతో ఖాతాదారులకు విడతలుగా అప్పు ఇచ్చే బ్యాంకరునే ఉదాహరణగా తీసుకున్నాడు, అప్పుడు రిసోర్సు ఒకే రకం. మీ రేకులు కూడా ఒకే రకం కాబట్టి మీ కొట్టు లెక్క ఆ తొలి రూపానికి సరిగ్గా సరిపోతుంది. అనేక రకాల రిసోర్సులకు దాన్ని విస్తరించింది హాబర్‌మన్, 1969లో. ఈ అమ్మాయి పరీక్షలో వచ్చినది ఆ విస్తరించిన రూపం.

ఇక మీ ప్రశ్న. పెద్ద అవసరం ఉన్నవాడిని కాదనాలి అన్నది నియమం కాదు. ఇచ్చాక మిగిలిన దానితో కనీసం ఒక్కరి పని పూర్తవ్వాలి, వారు తిరిగి ఇచ్చిన దానితో మరొకరి పని పూర్తవ్వాలి, ఇలా చివరివారి దాకా సాగాలి. మీ రెండో మేస్త్రికి మీరు డెబ్భై రేకులు ఇచ్చి ఉంటే కొట్టులో నలభై మిగిలేవి. మొదటాయనకు కావలసినవి సరిగ్గా నలభై. ఆయన స్లాబు పోసి నూట ముప్ఫై తిరిగి ఇచ్చాక, రెండో ఆయనకు కావలసిన మరో డెబ్భై సులువుగా ఇచ్చేవారు. డెబ్భై ఒకటి ఇచ్చినా చిక్కే. అంటే అదే మనిషికి డెబ్భై వరకు సేఫ్, ఆ పైన అన్‌సేఫ్. మనిషిని బట్టి కాదు, ఇచ్చిన తరువాతి స్థితిని బట్టి తేల్చాలి.

పరీక్ష పట్టికలో P3ని చూసినా ఇది తెలుస్తుంది. P3కు కావలసిన A ఒక్కటే, అందరికంటే తక్కువ వరుసలో P1తో సమానం. అయినా P3 (1, 0, 0) అడిగితే ఇవ్వకూడదు. ఇస్తే P1 తరువాత వర్క్ (2, 2, 2) దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే P3కు A అవసరం తీరినా మూడు B లు లేనిదే అది ముగియదు, P0కు మూడో A దొరకదు.

బొబ్బిలి వీణ · మంగళవారం ఉదయం 8:05

మాస్టారూ, నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఒక దశలో ఇద్దరు ముగియగలిగినప్పుడు మనం తప్పు మనిషిని ముందు ఎంచుకుంటే, తరువాత దారి మూసుకుపోయి, సేఫ్ అయిన స్థితిని అన్‌సేఫ్ అని రాసే ప్రమాదం ఉందా? అలా అయితే వెనక్కి వచ్చి రెండో దారి కూడా ప్రయత్నించాలి కదా.

రెండోది ప్రశ్న గురించే. (ii) ని తొలి పట్టిక మీద చేయాలా, (i) లో P0కు ఇచ్చేశాక వచ్చిన పట్టిక మీద చేయాలా? అమ్మాయి రాసిన దాన్ని బట్టి ప్రశ్నలో ఆ సంగతి లేదు.

కోట దగ్గర మాస్టారు · మంగళవారం ఉదయం 8:40

వెనక్కి రావలసిన అవసరం ఎప్పుడూ రాదు. ముగిసిన ప్రతి ప్రాసెస్ తన అలొకేషన్‌ను కలుపుతుందే గాని వర్క్ నుంచి ఏదీ తీసుకుపోదు, కాబట్టి వర్క్ పెరుగుతుంది లేదా ఉన్నచోటే ఉంటుంది, తగ్గడం జరగదు. ఈ దశలో ముగియగలిగినవాడు వచ్చే దశలో కూడా తప్పక ముగియగలడు. ఎవరిని ముందు ఎంచుకున్నా రెండోవాడి అవకాశం పోదు. అందువల్ల కనిపించినవాడిని కనిపించినట్లు తీసుకుంటూ పోయి, ఎక్కడైనా ఆగిపోతే, ఏ వరుసలో వెళ్ళినా ఆగిపోయేదే అని నిశ్చింతగా రాయవచ్చు. పైనుంచి కిందికి ఒకసారి చూసి వదిలేయకూడదు, ఒకరు ముగిసిన ప్రతిసారీ మిగిలిన వారందరినీ మళ్ళీ చూడాలి. తొలి స్థితిలో P0ను మొదట చూసి కాదని దాటి వెళ్ళి, P1 ముగిశాక తిరిగి P0 దగ్గరికి రానివారు ఈ పట్టికనే అన్‌సేఫ్ అని రాస్తారు. పత్రాలు దిద్దిన నా అనుభవంలో ఆ తప్పు తరచుగా కనిపించేది.

రెండో సందేహానికి, ఇక్కడ రెండు విధాలుగా చదివినా ముగింపు ఒకటే వస్తుంది, కారణం మాత్రం మారుతుంది. P0కు ఇచ్చాక P2కు కూడా ఇస్తే అవైలబుల్ (0, 1, 2) అవుతుంది. నలుగురికీ కనీసం ఒక A కావాలి, ఒక్కటీ లేదు, కనుక P1 కూడా కదలదు. తొలి అడుగులోనే ఆగిపోతుంది. నేనైతే ప్రశ్నలో వేరుగా చెప్పకపోతే ప్రతి భాగాన్నీ తొలి పట్టిక మీదే చేయమంటాను.

బొబ్బిలి వీణ · మంగళవారం ఉదయం 8:52

మొదటిది బాగా అర్థమైంది. రెండోదాంట్లో మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. ఒక వ్యవస్థలో రిక్వెస్టులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, మొదటిది ఇచ్చేశామని మనమే రాశాక దాన్ని మరచిపోయి మళ్ళీ పాత పట్టికకు వెళ్ళడం సహజంగా లేదు. మాకు చెప్పినవారు ఇచ్చినదాన్ని ఇచ్చినట్లే ఉంచి ముందుకు సాగమన్నారు.

పలాస నుంచి · మంగళవారం మధ్యాహ్నం 1:15

నేను డేటాబేస్ పని చేస్తాను. నాకు తెలిసినంతవరకు ఉద్యోగంలో ఈ అల్గారిథమ్ నడుస్తుండగా ఒక్కసారి కూడా చూడలేదు. మేము వాడే పోస్ట్‌గ్రెస్‌లో రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం మరొకటి నిలబడిపోతే, అది ముందుగా ఆపదు. `deadlock_timeout` అనే సెట్టింగ్ మామూలుగా ఒక సెకను ఉంటుంది. ఒక ట్రాన్సాక్షన్ లాక్ కోసం అంతసేపు వేచి ఉన్నాక, ఎవరు ఎవరి కోసం ఆగారో వెతికి, వలయం కనిపిస్తే ఒకదాన్ని రద్దు చేస్తుంది. లాగ్‌లో `ERROR: deadlock detected` అని పడుతుంది. మేము ఆ ట్రాన్సాక్షన్‌ను మళ్ళీ నడిపిస్తాం.

కారణం ఊహించడం కష్టం కాదు. ఒక ట్రాన్సాక్షన్ మొదలయ్యేటప్పుడు అది చివరకు ఏయే వరుసలను తాకుతుందో దానికే తెలియదు, ఇక మాక్స్ పట్టిక ఎవరు నింపుతారు? అలాగే ప్రాసెస్‌ల సంఖ్య క్షణక్షణం మారుతూ ఉంటుంది. ప్రతి రిక్వెస్టుకూ ఈ పరీక్ష మొత్తం నడపడం కూడా భారమే.

అమ్మాయి రాసినదాంట్లో నాకు ఒక ప్రశ్న ఉంది. P2కు ఇచ్చేస్తే డెడ్‌లాక్ వచ్చేసినట్లేనా? మా దగ్గర డెడ్‌లాక్ అంటే నిజంగా నిలిచిపోయినదే.

చీపురుపల్లి అమ్మాయి · మంగళవారం సాయంత్రం 6:30

అందరికీ ధన్యవాదాలు. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని మాస్టారు చెప్పినట్లు రెండు భాగాలూ మళ్ళీ చేశాను. (2, 2, 2) దగ్గర ముగ్గురి పేర్లు పక్కపక్కన రాసి, ఒక్కొక్కరికి ఏది తక్కువో కింద గీత గీశాను. P0 కింద A, P2 కింద A, C, P3 కింద B. ఆ మూడు గీతలు చూశాక "ఆ తరువాత?" అన్న మాట అర్థమైంది.

పలాస గారు అడిగినదే నా సందేహం కూడా. ఇకమీదట ఇలాంటి ప్రశ్నకు "P2కు ఇస్తే డెడ్‌లాక్ వస్తుంది" అని రాయవచ్చా?

కోట దగ్గర మాస్టారు · మంగళవారం రాత్రి 8:15

అలా రాయకండి అమ్మా. "అన్‌సేఫ్ స్థితి ఏర్పడుతుంది" అని రాయండి. ఈ పట్టిక మీదే ఆ తేడా చూపిస్తాను.

P2కు A ఇచ్చేశారు, P1 ముగిసింది, చేతిలో (2, 2, 2) ఉన్నాయి అనుకుందాం. P0 తన గరిష్ఠ అవసరం నాలుగు A లని ముందు ప్రకటించింది, అంటే మరో మూడు అడగవచ్చు. కానీ ఈసారి దాని పని మరో రెండు A లతోనే పూర్తయిందనుకోండి. అప్పుడు P0 ముగుస్తుంది, చేతిలో (3, 2, 4) అవుతాయి. P2కు కావలసిన (3, 2, 3) సరిపోతుంది, అది ముగిశాక (6, 3, 5), ఆ తరువాత P3. ఎవరూ నిలిచిపోలేదు. అన్‌సేఫ్ స్థితిలోంచి నడిచి అందరూ క్షేమంగా బయటపడ్డారు.

ఇప్పుడు రెండో విధంగా చూడండి. P0 ఆ రెండు A లనూ తీసుకుని, ముగియకుండా మూడోదాన్ని అడిగింది. ఇప్పుడు P0 దగ్గర మూడు, P2 దగ్గర మూడు, P3 దగ్గర ఒకటి, మొత్తం ఏడు A లూ బయటే ఉన్నాయి. P2 మరో A అడిగింది, P3 కూడా ఒక A అడిగింది. ముగ్గురూ A కోసమే ఆగారు, ఉన్న A లన్నీ ఆ ముగ్గురి దగ్గరే ఉన్నాయి. ఇది డెడ్‌లాక్. పలాస వారి లాగ్‌లో పడేది ఇటువంటి స్థితే.

రెండు కథలూ ఒకే అన్‌సేఫ్ స్థితి నుంచి మొదలయ్యాయి. ఏది జరుగుతుందో ప్రాసెస్‌ల చేతిలో ఉంది, మన చేతిలో లేదు. సేఫ్ స్థితిలో ఉన్నంతకాలం, వాళ్ళు ఎంత గరిష్ఠంగా అడిగినా మనకు ఒక దారి ఉంటుంది. ఈ పద్ధతి అతి జాగ్రత్త గలది, మొదటి కథలాంటివి జరిగే అవకాశం ఉన్నా P2ను ఆపేస్తుంది. ఆ మేరకు రిసోర్సులు ఊరికే పడి ఉంటాయి, అది దీని ఖరీదు.

పలాస వారు చెప్పినదాంతో నేను ఏకీభవిస్తాను. డేటాబేసులకూ మామూలు ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ ఇది పనికిరాకపోవడానికి ప్రధాన కారణం మాక్స్ ముందుగా తెలియకపోవడమే.

ఆమదాలవలస సెంట్రింగ్ · మంగళవారం రాత్రి 9:05

మాక్స్ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా దగ్గరికి వచ్చే మేస్త్రులు మొదట నూట ముప్ఫై అంటారు, ఇంటాయన బాల్కనీ పెంచమన్నాడని వారం తరువాత నూట నలభై అంటారు. రేకులు అప్పటికప్పుడు అడగరు, మొత్తం లెక్క మాత్రం మారుస్తారు. అప్పుడు నేను ముందు వేసుకున్న లెక్క చెల్లుతుందా?

కోట దగ్గర మాస్టారు · మంగళవారం రాత్రి 9:30

చెల్లదండీ. పరీక్ష పట్టికనే తీసుకోండి. తొలి స్థితిలో P0 తన A గరిష్ఠాన్ని నాలుగు నుంచి ఐదుకు పెంచిందనుకుందాం. నీడ్ (4, 2, 1) అవుతుంది. P1 ముగిశాక వర్క్ (3, 2, 2). P0కు నాలుగు A లు కావాలి, లేవు. P2కూ నాలుగే, లేవు. P3కు మూడో B లేదు. అప్పటిదాకా సేఫ్‌గా ఉన్న స్థితి, ఎవరికీ ఏదీ ఇవ్వకుండానే అన్‌సేఫ్ అయిపోయింది. అందుకే అల్గారిథమ్ మాక్స్‌ను మధ్యలో పెంచుకోనివ్వదు. మీరు పెంచనివ్వక తప్పదు కాబట్టి, పెంచమన్న రోజునే, రేకులు అడగకముందే, లెక్క మళ్ళీ వేసి, కుదరకపోతే పక్క ఊరి సామాను సంగతి అప్పుడే చూసుకోండి. బయటి నుంచి రేకులు తెచ్చుకునే వీలు మీకు ఉంది, ఈ పట్టికలోని ప్రాసెస్‌లకు లేదు.

చీపురుపల్లి అమ్మాయి · బుధవారం సాయంత్రం 5:50

ఈ రోజు మేడమ్ గారిని కలిశాను. మార్కులు మారలేదు. (ii) ని తొలి పట్టిక మీదే చేయాలన్నది ఆవిడ ఉద్దేశమట, అయితే (i) తరువాతి పట్టిక మీద చేసి అన్‌సేఫ్ అని సరిగ్గా చూపినవారికి కూడా మార్కులు వేశానని చెప్పారు. పక్క సెక్షన్‌లో ఇంకొకరు దిద్దిన పత్రాల్లో మాత్రం అలా చేసినవారికి రెండు మార్కులు తగ్గించారట. ప్రశ్నలో ఆ సంగతి స్పష్టంగా ఉండాలని మేం కొందరం రాసి ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.

బొబ్బిలి వీణ · బుధవారం సాయంత్రం 6:20

జవాబు వస్తే ఇక్కడ రాయండి. సెమిస్టరు పరీక్షలో మళ్ళీ ఇలాగే వస్తే నేను "తొలి స్థితి ఆధారంగా" అని జవాబు మొదట్లోనే ఒక వాక్యం రాసి మొదలుపెడతాను, దిద్దేవారు దానికి ఒప్పుకుంటారో లేదో చూడాలి.